ఫోనుకు తొడిగిన అద్దం

మా చంద్రపూర్‌లో కాపురమున్న ఇల్లాలికి దుమ్ము గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఒకవైపు గనుల బొగ్గుపొడి, మరోవైపు థర్మల్ స్టేషను బూడిద. పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. అందుకే నా ఫోను మీద గీత పడ్డప్పుడల్లా బొగ్గునే తిట్టుకునేదాన్ని.

పాపం బొగ్గుది తప్పు లేదట! నాగపూర్‌లో మెటలర్జీ చదివే మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు చెప్పాడు. బొగ్గు గాజు కంటే మెత్తన. దాంతో గాజు మీద గీత పడదు. తాళంచెవులూ, చిల్లర డబ్బులూ కూడా సాధారణంగా గీయలేవు. గీసేది ఇసుక. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద వజ్రానికి పది, ఇసుకలోని క్వార్ట్జ్‌కు ఏడు. ఫోను గాజు ఆరుకు అటూ ఇటూ ఉంటుంది. జేబులో నాలుగు ఇసుక రేణువులుంటే చాలు, పని కానిచ్చేస్తాయి.

మా మరిది ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. ఆయన జేబు దులిపితే గుప్పెడు ఇసుక రాలుతుంది. ఫోనుకు మాత్రం ఎప్పుడూ యాభై రూపాయల ప్లాస్టిక్ ఫిల్మే. మొన్న అది తీయించినప్పుడు చూశాను. మసక బారి, గీతలు పడి, పాత బస్సు కిటికీలా ఉంది. కింద ఫోను మాత్రం కొత్త కంచంలా మెరిసింది. ప్లాస్టిక్ గాజు కంటే చాలా మెత్తన, గోరు తగిలినా గీత పడుతుంది. కానీ పడే గీతలన్నీ తన మీదే వేయించుకుంటుంది. దాని పని అంతవరకే. ఫోను కిందపడితే అంత పల్చని పొర చేసేదేమీ ఉండదు.

నేను గాజు గార్డు మనిషిని. దుకాణంలో డబ్బా మీద పెద్ద అక్షరాలతో '9హెచ్' అని ఉంటే, వజ్రం కంటే ఒక్క మెట్టే తక్కువనుకుని మురిసిపోయాను. మేనల్లుడు విని నవ్వాడు. "అత్తా, అది మోస్ తొమ్మిది కాదు. పెన్సిల్ నంబరు. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని అర్థం. ఆ పరీక్ష మన కిటికీ అద్దం కూడా నెగ్గుతుంది!" అంటే ఇసుక ముందు నా గాజూ గీత పడేదేనన్నమాట.

ఇక పడటం గురించి. నా ఫోను రెండుసార్లు పడింది, ఆ రెండూ ఒకలాంటివి కావు.

మొదటిసారి బల్లార్షా స్టేషను బయట, కంకర మీద బోర్లా. తీసి చూస్తే సాలెగూడు! నా కాళ్ళు చల్లబడ్డాయి. పోయినేడాది వెళ్ళిపోయిన మా నాన్నగారి గొంతు ఆ ఫోనులో ఉంది. వాట్సాప్‌లో ఆయన పంపిన పదకొండు మాటల ముక్కలు, ఇంకెక్కడా లేవు. దుకాణం అబ్బాయి గార్డు అంచు కింద పల్చని కార్డు దూర్చి మెల్లగా లేపాడు. కింద స్క్రీను క్షేమం. పగుళ్ళన్నీ గార్డుతో పాటే వచ్చేశాయి.

ఫోను గాజును వేడి పొటాషియం ఉప్పు ద్రవంలో ముంచుతారట. గాజులోని చిన్న సోడియం రేణువుల చోట పెద్ద పొటాషియం రేణువులు దూరతాయి. ముగ్గురి సీటులో నలుగురు ఇరుక్కున్నట్టు పైపొర బిగుసుకుంటుంది, పగులు సులువుగా మొదలవదు. కానీ ఒక మొనదేలిన రాయి ఆ పొరను గుచ్చితే అక్కడి నుంచి పగులు పరిగెడుతుంది. ఆ గుచ్చుడునే గాజు గార్డు తన మీదికి తీసుకుంటుంది. "మేడమ్, గార్డు లేకపోతే స్క్రీను పోయేది" అన్నాడు దుకాణం అబ్బాయి. ఏమో! చాలా గార్డుల గాజు ఫోను గాజంత బలమైనది కాదు. అది పగిలినంత మాత్రాన కిందది కూడా పగిలేదని రుజువేం కాదు.

రెండోసారి వంటింటి గట్టు మీంచి, మూల నేలకు తగిలేట్టు పడింది. గార్డు మీద చిన్న గీతైనా లేదు. హమ్మయ్య అనుకున్నాను. గోరుతో తడిమితే నున్నగానే ఉంది, కానీ మూల నుంచి మధ్యదాకా ఒక వెంట్రుక గీత కనిపిస్తోంది. పగులు గార్డు కిందిది! గార్డు అంచుదాకా రాదు. దెబ్బ ఫ్రేము మూలలోంచి నేరుగా స్క్రీను గాజు అంచుకు వెళ్ళింది. అలాంటి దెబ్బకు ప్లాస్టిక్కైనా, గాజైనా ఒకటే. స్క్రీను కంటే కాస్త ఎత్తుగా అంచులుండి, మూలల్లో దళసరిగా ఉన్న కవరుంటే కొంత ఆదుకునేది. నేను పల్చగా అందంగా ఉందని మరొకటి కొన్నాను.

మర్నాటికి సగం స్క్రీను వేలికి స్పందించడం మానేసింది. తాళం తీసే అంకెలు నొక్కడానికే లేదు. డిస్‌ప్లే మార్చడానికి నాలుగు వేలు. దుకాణంలో కూర్చున్న ఆ రెండు గంటలు ఎంత పొడుగో! అంకెలు నొక్కి, తెరిచి, మొట్టమొదట నాన్నగారి ముక్క ఒకటి చెవికి ఆనించుకున్నాను. "అమ్మాయీ, అక్కడ వానలు మొదలయ్యాయా?"

ఆ రాత్రే మావారు పదకొండూ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. కొత్త డిస్‌ప్లే మీద గాజు గార్డే వేయించాను, ఈసారి దళసరి కవరుతో సహా. మా మరిది మాత్రం మళ్ళీ యాభై రూపాయల ఫిల్మే వేయించుకున్నాడు.