పెద్దమండ్యం నుంచి సునౌలి దాకా

పెద్దమండ్యం నుంచి మదనపల్లెకు డిగ్రీ చదువుకోవడానికి వెళ్లే పిల్లలు విదేశమంటే బ్యాంకాక్ విమానం టికెట్టుతోనే లెక్క మొదలుపెడతారు. పాస్‌పోర్టు ఫీజు 1500 రూపాయలు, పైన విమానం, హోటలు. టికెట్టు చౌకగా దొరికినా మిగతావి చౌక కావు. చేతిలో కొద్ది డబ్బే ఉంటే మొదటి విదేశం నేపాలే కావాలంటాను. వీసా లేదు, పాస్‌పోర్టు తప్పనిసరి కాదు, సరిహద్దు దాకా మన రైలే. మదనపల్లె నుంచి బస్సులో బెంగళూరు చేరితే యశ్వంతపూర్‌లో గోరఖ్‌పూర్ రైలు ఎక్కవచ్చు. అది రోజూ ఉండదు. స్లీపరులో రానుపోను రెండు వేలకు కాస్త అటూఇటూ అవుతుంది. గోరఖ్‌పూర్ నుంచి బస్సులో సునౌలి, గేటు దాటితే భైరహవా, అక్కణ్ణుంచి లోకల్ బస్సులో వెళ్లేంత దూరంలో బుద్ధుడు పుట్టిన లుంబినీ.

చిక్కంతా కాగితం దగ్గరే. అన్నిచోట్లా చెల్లే ఆధార్ ఇక్కడ చాలదు. పదిహేనేళ్ల లోపువారికి, అరవై అయిదు దాటినవారికే నేపాల్ ప్రయాణానికి అది గుర్తింపు. పంతొమ్మిదేళ్లవాడికి ఓటరు కార్డో పాస్‌పోర్టో కావాలి. ఓటరు కార్డుకు ఫీజు లేదు, ఫారం 6 పెడితే చాలు. కానీ విచారణ ముగిసి కార్డు చేతికి రావడానికి సమయం పడుతుంది కాబట్టి, రైలు టికెట్టు కంటే ముందు ఆ పని చూసుకోవాలి. టికెట్టు ఎలాగూ ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే ఇస్తారు.

రెండు రాత్రులు పోను, రెండు రాత్రులు రాను రైల్లోనే గడిస్తే సెలవులో మిగిలేదేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వారం సెలవుకు ఈ దారి పనికిరాదని నేనూ ఒప్పుకుంటాను. కనీసం పది రోజులుండాలి. దసరా సెలవులు మాత్రం వద్దు. మన దసరా రోజుల్లోనే నేపాలీలకు దశైం, ఊళ్లకు వెళ్లేవాళ్లతో బస్సులు కిటకిటలాడతాయి, చాలా అంగళ్లు మూసేస్తారు. వానాకాలంలో కొండదారుల్లో చరియలు విరిగిపడతాయి. పరీక్షలు అయ్యాక సంక్రాంతి కలిసొస్తే మేలు. కానీ సరిహద్దు మైదానమైన తెరాయిలో అప్పుడు పొగమంచు దట్టంగా ఉంటుంది, ఉత్తరాది రైళ్లు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. అందుకే కాలేజీ తెరిచే నాటికి రెండు రోజుల ముందే ఇల్లు చేరేలా తిరుగు టికెట్టు తీయాలి.

పాస్‌పోర్టులో ముద్ర పడని ప్రయాణం విదేశయాత్రేనా అనేవాళ్లుంటారు. ముద్ర లేకపోయినా డబ్బు మారుతుంది కదా! మన 100 వాళ్ల 160. అంగట్లో ధర చెప్పగానే "ఐసీనా, ఎన్‌సీనా" అని అడగాలి: భారత రూపాయలా, నేపాలీవా అని. అడగకుండా మన నోట్లు ఇస్తే ధర ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పెద్ద నోట్ల నిబంధనలు మారుతూ వచ్చాయి కాబట్టి వంద రూపాయల కట్టలే తీసుకెళ్లి, సరిహద్దు దగ్గరే కొంత మార్చుకుంటే సరిపోతుంది.