పది రూపాయల బిళ్ళ పక్కన పెట్టు పిన్నీ

మైపాడులో ఉండే మా పిన్ని వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. దేవుడి గూట్లో బల్బు పోయిందట, నెల్లూరులో అలాంటిదే కొనుక్కురమ్మంది. ఫొటోలో బల్బు తప్ప ఇంకేం లేదు.

మన ఇళ్ళల్లో మామూలు బల్బుకి మెడ నున్నగా ఉంటుంది, పక్కల రెండు చిన్న పిన్నులు పొడుచుకొచ్చి ఉంటాయి. నొక్కి తిప్పితే హోల్డర్‌లో కూర్చుంటుంది. అది బి22. పిన్ని ఫొటోలో ఆ పిన్నులు లేవు, మరలున్నాయి. ఉప్పుగాలికి కాస్త పచ్చబడ్డాయి కూడా. అసలు చిక్కు మరలతోనే. ఇ27, ఇ14 రెండూ ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి. 'ఇ' అంటే ఎడిసన్, అంకె అంటే మెడ వెడల్పు మిల్లీమీటర్లలో. ఎంత జూమ్ చేసినా ఆ వెడల్పు తెలియదు.

"పిన్నీ, పక్కనే పది రూపాయల బిళ్ళ పెట్టి, సరిగ్గా పైనుంచి ఇంకో ఫొటో తియ్యి" అన్నాను.

"బల్బుకి డబ్బులెందుకురా?" అంది.

ఆ బిళ్ళ వ్యాసం 27 మిల్లీమీటర్లు. ఇ27 అయితే మెడ, బిళ్ళ ఇంచుమించు సమానంగా ఉండాలి. కొత్త ఫొటోలో బిళ్ళ 540 పిక్సెళ్ళు, మెడ 280. అంటే 280ని 540తో భాగించి 27తో గుణిస్తే 14. ఇ14 అన్నమాట. మెడ బిళ్ళకన్నా కెమెరాకి కొంచెం దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒకట్రెండు శాతం తేడా రావచ్చు. కానీ 14కీ 27కీ మధ్య అది లెక్కలోకి రాదు. ఫోను పక్కకి వాలిస్తే మాత్రం బిళ్ళ కోడిగుడ్డులా వస్తుంది, అప్పుడు ఇంకోటి అడగాలి.

సీలింగ్ స్పాట్‌లైట్లకీ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ రెండు పిన్నుల మధ్య దూరం కొలవాలి. 10 మిల్లీమీటర్లుండి పిన్నుల కొసలు లావుగా ఉంటే జియు10, నేరుగా 230 వోల్టులకే. 5.3 ఉండి పిన్నులు సన్నగా ఉంటే మామూలుగా 12 వోల్టులది, దానికి వేరే డ్రైవర్ కావాలి.