హామీ సంతకం ఎవరి కోసం?

కైకలూరు, ఆకివీడు వైపు చెరువులు చేసేవాళ్లకు మేత కంపెనీల పేర్లు కొట్టిన పిండి. బస్తాలు కొనే కంపెనీ షేర్లు కూడా కొందామన్న ఆలోచన ఏలూరులో చాలామందికి వస్తుంది. నాకూ వచ్చింది. అమ్మకాలు పెరుగుతున్నాయి, లాభం నిలకడగా ఉంది. డబ్బు పెట్టేముందు వార్షిక నివేదికను వెనక నుంచి చదివాను. కంపెనీ పేరు చెప్పను, అంకెలు గుండ్రంగా చెబుతాను.

ముందుగా ఆడిటర్ రిపోర్టు. అందులో మొదట చూడాల్సింది అభిప్రాయం పేరా. లెక్కలు నిజమైన, సరైన చిత్రం చూపుతున్నాయని రాస్తే క్లీన్. 'ఫలానా విషయం మినహా' అంటే క్వాలిఫైడ్. తగిన ఆధారాలు దొరకలేదు, అభిప్రాయం చెప్పలేమంటే డిస్‌క్లెయిమర్. నేను చూసినది క్లీన్. అక్కడే ఆగలేదు. రిపోర్టు చివర కారో అనే అనుబంధం ఉంటుంది. కోర్టుల్లో, అప్పీళ్లలో ఉన్న పన్ను వివాదాలను ఏ చట్టం కింద, ఎంత, ఏ ఏడాదిది, ఎవరి ముందు ఉందో అందులో పట్టికగా ఇస్తారు. కూడితే 9 కోట్లు వచ్చింది.

ఆ తర్వాత నోట్సులో కంటింజెంట్ లయబిలిటీస్ దగ్గరికి వెళ్లాను. మీద పడొచ్చు, పడకపోవచ్చు అన్న భారాలివి. పడే అవకాశమే ఎక్కువని తేలితే కంపెనీ లాభంలోంచి ప్రొవిజన్ తీసి పక్కన పెట్టాలి. అంతదాకా ఇవి బ్యాలెన్స్ షీటు అప్పుల్లో కలవవు, నోట్సులోనే ఉంటాయి. ఇక్కడ మొత్తం 57 కోట్లు. పన్నులవి 9, అనుబంధం లెక్కతో సరిపోయింది. మిగతా 48 కోట్లు వేరే కంపెనీ బ్యాంకు అప్పుకు ఇచ్చిన గ్యారంటీ. బావమరిది అప్పుకు మనం హామీ సంతకం పెట్టినట్టు: అతను కడుతున్నంతకాలం మన పాస్‌బుక్కులో ఏమీ కనపడదు.

ఆ వేరే కంపెనీ ఎవరిది? జవాబు రిలేటెడ్ పార్టీ నోట్లో దొరికింది. ప్రమోటర్ల కుటుంబానికే చెందిన రొయ్యల ప్రాసెసింగ్ సంస్థ. దానితో ఏడాదిలో జరిగిన అమ్మకాలు ఒక వరుసలో, ఏడాది చివర అది బాకీ ఉన్న మొత్తం ఇంకో వరుసలో ఉంటాయి. చాలామంది మొదటి వరుస చూసి వదిలేస్తారు. అసలు కథ రెండోదాంట్లో ఉంటుంది. మూడేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టాను. అమ్మకాలు ఏటా దాదాపు అంతే. బాకీ మాత్రం 12, 19, 31 కోట్లు. అంటే సరుకు వెళ్తోంది, డబ్బు రావడం లేదు. రాని బాకీల కింద పెట్టిన ప్రొవిజన్ సున్నా.

31కి 48 కలిపితే 79 కోట్లు. కంపెనీ నెట్‌వర్త్ 180 కోట్లు, ఏడాది లాభం 14 కోట్లు. ఆ సోదర సంస్థ ఒక్కటి కూలితే ఐదేళ్లకు మించిన లాభం దానితోపాటే పోతుంది.

తాడేపల్లిగూడెంలో ఆడిట్ ఆఫీసులో పనిచేసే మా మేనల్లుడు, "క్లీన్ అని రాశారుగా మావయ్యా, ఇంకేం అనుమానం?" అన్నాడు. ఆడిటర్ అబద్ధం చెప్పలేదురా, గ్యారంటీ ఉందని, బాకీ ఉందని నోట్సులో ఉన్నది సరిగ్గానే ఉందన్నారు, ఆ గ్యారంటీ ఇవ్వడం తెలివైన పనేనని మాత్రం అనలేదు అన్నాను.

ఈ చదువుకూ హద్దు ఉంది. దానికి సత్యం కంప్యూటర్స్ కథే సాక్ష్యం. భీమవరం ప్రాంతం నుంచి వచ్చిన ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన లేఖ ప్రకారం, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. 1,230 కోట్ల అప్పు లెక్కల్లోకే ఎక్కలేదు. అంతకుముందు వరకూ ఆడిటర్ల రిపోర్టులు క్లీన్. కంటింజెంట్ భారం మాత్రం దాచినది కాదు: ఉపెయిడ్ అనే సంస్థ 2007లో అమెరికాలో వేసిన దావా అందరికీ తెలిసినదే. చివరికి అది 7 కోట్ల డాలర్లకు రాజీ అయింది. కొత్త ఆడిటర్లు 2010లో ఇచ్చిన రిపోర్టు డిస్‌క్లెయిమర్. కంపెనీ ఒప్పుకున్న భారాన్ని నోట్సు చూపిస్తాయి, దాచినదాన్ని చూపించవు.

అందుకే నాది రెండు భాగాల నియమం. సొంతవాళ్ల బాకీ, వాళ్లకిచ్చిన గ్యారంటీ కలిపి నెట్‌వర్త్‌లో నాలుగో వంతు దాటితే షేరు కొనను. దాటకపోయినా, కనపడని మోసం ఎప్పుడూ ఉండొచ్చు కాబట్టి ఏ ఒక్క కంపెనీలోనూ నా పొదుపులో పదో వంతుకు మించి పెట్టను. ఆ మేత కంపెనీ మొదటి భాగంలోనే ఆగిపోయింది. తర్వాత ఆ షేరు పెరిగింది కూడా. బాకీ వరుసగా రెండేళ్లు తగ్గితే, గ్యారంటీ వెనక్కి తీసుకుంటే మళ్లీ చూస్తాను.