నొక్కితే వచ్చే దర్ద్, పిండితే వచ్చే దర్ద్

మా ఖాలా కూతురు చర్మం డాక్టరు. పోయిన ఏడాది రంజాన్ ముందు ఒక ఆదివారం ఆమెకి వాట్సాప్‌లో మూడు ఫోటోలు పంపాను. మూడూ పాదాల ఫోటోలే. ఒకటి నా కుడికాలి తల్వా. రెండోది ఎనిమిదో తరగతి చదివే మా బేటీది. మూడోది మా అమ్మీది. మూడింట్లోనూ పసుపచ్చగా, గుండ్రంగా, గట్టిగా ఒక మచ్చ. "ముగ్గురికీ ఆనెకాయలే కదా, ఏ దవా పెట్టమంటావు?" అని కింద రాశాను.

జవాబు వెంటనే వచ్చింది. "ఫోటోలు చూశాను భాయిజాన్. మూడూ ఒకేలా కనబడుతున్నాయి. అందుకే వీటిని చూసి దవా చెప్పను. ముందు ఒక్కోదాన్నీ బొటనవేలితో నిటారుగా నొక్కండి. తర్వాత రెండు పక్కల నుంచీ రెండు వేళ్లతో పట్టి పిండండి. ఎవరు దేనికి అరిచారో చెప్పండి."

నిజానికి ఈ మూడింటికీ వేర్వేరు పేర్లు మనకి ఎప్పటినుంచో ఉన్నాయి. ఉర్దూలో గట్టా, గోఖ్రూ, మస్సా అంటాం. తెలుగులో కాయ కాయడం, ఆనెకాయ, పులిపిరి. మా అబ్బాజాన్ మర్హూం ఎడమ చీలమండ మీద గట్టా ఉండేది, ఏళ్ల తరబడి నమాజులో ఆ కాలు మడిచి కూర్చోవడం వల్ల. దాన్ని చూసి ఎవరూ పరేషాన్ కాలేదు. చేతి మీద మస్సా లేస్తే కూడా అందరూ గుర్తుపడతారు, గోబీ పువ్వులా పైకి పొడుచుకొస్తుంది కాబట్టి. గడబిడ అంతా తల్వా దగ్గరే. అక్కడ ఒంటి బరువు మస్సాని పైకి లేవనివ్వదు, లోపలికి తొక్కేస్తుంది. దాని మీద మందంగా చర్మం పేరుకుంటుంది. అప్పుడు అది అచ్చం ఆనెకాయలా కనిపిస్తుంది. మనం కూడా తల్వా కింద ఏది గట్టిగా తగిలినా ఆనెకాయ అనేసి ఊరుకుంటాం.

ముందు నా కాలు చూసుకున్నాను. కాలి చిటికెనవేలు మొదట్లో, ఎముక కిందికి తగిలే చోట ఉంది నాది. బొటనవేలితో నిటారుగా నొక్కితే జూతాలో రాయి పడ్డట్టు చురుక్కుమంది. రెండు పక్కల నుంచీ పట్టి పిండితే ఏమీ లేదు.

బేటీది మడమకి కాస్త ముందు. నొక్కితే మొహం కొంచెం చిట్లించింది అంతే. పక్కల నుంచి పిండీ పిండగానే "అబ్బూ!" అని కాలు లాక్కుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అమ్మీది బొటనవేలు మొదట్లో, ముందుపాదం మీద. నొక్కాను, పిండాను. "ఏం లేదు బేటా, నాకేం తెలియడం లేదు" అంది. అల్‌హందులిల్లా, మూడింట్లో ఇదే తేలిక అనుకున్నాను. ఆ రోజు నేను చేసిన పెద్ద గలతీ అదే.

ఈ ఫర్క్ ఎందుకొస్తుందో మా చెల్లెలు తర్వాత వివరంగా చెప్పింది. ఆనెకాయ అంటే చచ్చిన చర్మం గట్టిపడి మేకులా తయారవడం. మొన లోపలివైపు ఉంటుంది. కింద ఎముక, పైన జూతా, మధ్యలో చర్మం నలిగి నలిగి అలా అవుతుంది. నిటారుగా నొక్కితే మొన లోపలికి దిగుతుంది కాబట్టి నొప్పి. పక్కల నుంచి పిండితే మొన దిగదు కాబట్టి నొప్పి ఉండదు, ఉన్నా తక్కువ. మస్సా అలా కాదు. అది వైరస్ వల్ల పెరిగిన చర్మం. దాంట్లోకి సన్నని రక్తనాళాలు పైదాకా వచ్చి ఉంటాయి. పక్కల నుంచి నలిపితే ప్రాణం లేచొస్తుంది. ఇక గట్టా, అంటే ఉత్తగా కాయ కాసిన చర్మం. దాంట్లో మొనా లేదు, వైరసూ లేదు. వెడల్పుగా పరుచుకుని ఉంటుంది, అంచు ఎక్కడో సరిగ్గా తెలియదు. మామూలుగా నొప్పి ఉండదు, బాగా మందమైతే నడిచినప్పుడు మంటగా ఉంటుంది.

ఇది ప్రతిసారీ పక్కాగా తేలుతుందని కాదు. సరిగ్గా బరువు పడే చోట మస్సా ఉంటే నొక్కినా నొప్పే. వాచి ఎర్రబడిన ఆనెకాయ ఎటు పట్టుకున్నా నొప్పే. అందుకని "నొప్పి ఉందా?" అని అడిగితే చాలదు, "రెండింట్లో దేనికి ఎక్కువ?" అని అడగాలి. తర్వాత కంటితో కూడా చూసుకోవాలి.

చూడడానికి ఒక తరీఖా ఉంది. నా పాదం, బేటీ పాదం పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో పెట్టాం. పైన తెల్లగా ఉబ్బిన పొరని గోళ్లు రుద్దే ఆకురాయితో మెల్లగా తీశాం, ఒక్కొక్కరికి ఒక్కోటి. బ్లేడు వద్దంది చెల్లెలు. తుడిచి, కిటికీ పక్కన కూర్చుని, వెలుతురు ఒక పక్క నుంచి పడేలా మళ్లీ ఫోటోలు తీశాను. మొదటి ఫోటోలు ఫ్లాష్ వేసి తీసినవి. ఫ్లాష్ వేస్తే గట్టి చర్మం మెరిసిపోయి గీతలు మాయమవుతాయి. ఫోను మరీ దగ్గర పెడితే మసక వస్తుంది. ఒక జానెడు దూరంలో ఉంచి జూమ్ చేయాలి. పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది.

ఆ ఫోటోల్లో చూడాల్సింది గీతలు. వేలిముద్రల్లాగే తల్వా మీద కూడా సన్నని గీతలుంటాయి. గట్టా మీద ఆ గీతలు ఆగకుండా అవతలికి సాగిపోతాయి. నా ఆనెకాయ మధ్యలో మాత్రం సగ్గుబియ్యపు గింజ ఉడికినట్టు ఒక పారదర్శకమైన గింజ కనబడింది. గీతలు అక్కడ తెగాయి. బేటీ ఫోటోలో గీతలు మచ్చ అంచుదాకా వచ్చి, వాగు రాయిని చుట్టుకున్నట్టు పక్కకి తిరిగిపోయాయి. లోపల ఆవగింజకన్నా చిన్నవి నాలుగైదు నల్లచుక్కలు. జనం వాటిని మస్సా వేర్లంటారు. అవి వేర్లు కావు, సన్నని రక్తనాళాల్లో గడ్డకట్టిన నెత్తురు.

అప్పుడు నాకు నాలుగు నెలల కిందటి సంగతి గుర్తొచ్చింది. బేటీ కాలు చూపిస్తే మందుల షాపులో కార్న్ క్యాప్ ఇచ్చారు. రెండు రోజులు ఉంచి తీస్తే తెల్లని చర్మం ఊడింది. నెలలో మళ్లీ వచ్చింది. ఓ రోజు నేనే బ్లేడుతో పైపైన చెక్కాను. చుక్కలు చుక్కలుగా నెత్తురొచ్చింది. నిజానికి మస్సా అని అప్పుడే తెలియాల్సింది. ఆనెకాయని పైపైన చెక్కితే అలా నెత్తురు రాదు. తర్వాత పక్కనే ఇంకో రెండు చిన్నవి లేచాయి. వైరస్‌ని బ్లేడుతో నేనే అంటించానేమో.

దాని ఇలాజ్ కష్టమైంది కాదు, సబర్ ఉండాలి. రోజూ రాత్రి పాదం నానబెట్టడం, దానికే విడిగా పెట్టిన ఆకురాయితో రుద్దడం, చుట్టూ మంచి చర్మానికి వాసెలిన్ రాసి మస్సా మీద మాత్రమే శాలిసిలిక్ యాసిడ్ చుక్క వేయడం. మూడు నెలల దాకా ఆపొద్దంది. పదకొండో వారంలో ఆ చోట గీతలు మళ్లీ నేరుగా సాగాయి. మస్సా పోయిందనడానికి నిషానీ అదే. గీతలు తిరిగి రాకముందే ఆపేస్తే మళ్లీ లేస్తుంది. పిల్లల్లో చాలా మస్సాలు ఏడాది రెండేళ్లలో వాటంతటవే పోతాయి కూడా. బాధ లేకపోతే వదిలేయొచ్చు. కాకపోతే తడి నేల మీద ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది కాబట్టి బాత్రూములో, వుజూ చేసే చోట దానికి వేరే చప్పల్ ఇచ్చాం.

నా ఆనెకాయని చెల్లెలే చెక్కి గింజ తీసేసింది, నొప్పి లేకుండా. "ఇది మీ కాలి మర్జ్ కాదు భాయిజాన్, జూతాది" అంది. ముందు భాగం ఇరుకైన ఆ జోడు మానేశాక మళ్లీ రాలేదు.

ఇక అమ్మీ సంగతి. నొక్కినా పిండినా నొప్పి లేదని రాసిన నిమిషానికి మెసేజ్ కాదు, ఫోనే వచ్చింది. "ఖాలాకి షుగర్ ఎన్నేళ్లుగా ఉంది?" పదిహేనేళ్లు అన్నాను. "ఆమె ఫోటో మధ్యలో గోధుమ రంగు నీడ ఉంది, చూశారా?" మట్టి అనుకున్నాను. "దాన్ని ముట్టుకోవద్దు. నానబెట్టొద్దు, రుద్దొద్దు. పొద్దున్నే తీసుకురండి, ఉత్త కాళ్లతో నడవనివ్వకండి."

మర్నాడు అమ్మీని కళ్లు మూసుకోమని, ఒక నైలాన్ దారం మొనతో తల్వా మీద అక్కడక్కడా తాకించింది. తగిలినప్పుడల్లా హా అనమంది. దారం వంగేదాకా ఆనించినా ముందుపాదం మీద అమ్మీ ఒక్క హా కూడా అనలేదు. షుగర్ వల్ల అక్కడి నరాలు మొద్దుబారాయి. అలాంటి పాదంలో నొక్కి చూసినా, పిండి చూసినా ఏమీ తేలదు. నొప్పి లేదంటే మర్జ్ లేదని కాదు, కబురు చెప్పే నరం లేదని. గట్టా పొరలు తీస్తే కింద బియ్యపు గింజంత పుండు ఉంది. ఆ నీడ మట్టి కాదు, గట్టి చర్మం ఒత్తి ఒత్తి లోపల కారిన నెత్తురు.

ఆదివారం సాయంత్రం అమ్మీ కాలికి వేద్దామని బేటీకి తెచ్చిన కార్న్ క్యాప్‌లలో మిగిలినదాన్ని తీసి పెట్టుకున్నాను. దాంట్లో ఉండేదీ యాసిడే. ఆనెకాయని తిన్నట్టే మంచి చర్మాన్నీ తింటుంది. మంట పుడితే ఎవరైనా పీకేస్తారు. అమ్మీకి మంట తెలియదు. పుండు ఎముకదాకా పోయినా "ఏం లేదు బేటా" అనేది. షుగర్ ఉన్నవాళ్ల పాదాలకి కార్న్ క్యాప్ వద్దని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆ చోట బరువు పడకుండా మెత్తని చప్పల్ చేయించి, పట్టీలు మారుస్తూ వచ్చాం. ఏడు వారాలకి మానింది. చెల్లెలు ఇంకో మాట కూడా చెప్పింది: షుగర్ ఉన్నా లేకపోయినా, తల్వా మీద నల్లమచ్చ చుక్కల్లా కాక పరుచుకుని పెరుగుతుంటే ఇంట్లో ఏ ఇలాజ్ చేయకుండా డాక్టరుకి చూపించాలి. చర్మం కాన్సర్ కూడా అలా మొదలవుతుంది.

ఇప్పుడు రోజూ ఇషా తర్వాత అమ్మీ పాదాలు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాను. వేళ్ల సందులు, మడమ, ముందుపాదం. ఆమెకి సిగ్గు. "నొప్పేం లేదు కదా బేటా, రోజూ ఏం చూస్తావు?" అంటుంది.

నొప్పి తెలియదు కాబట్టే చూస్తున్నానమ్మీ, అంటాను.