దురదకు ఎంజైముల్నే నిందించాలా?

సున్నితమైన చర్మం ఉన్నవాళ్లు డిటర్జెంట్ లేబుల్ మీద ప్రొటీజ్, అమైలేజ్ అని కనపడగానే ప్యాకెట్ పక్కన పెట్టేస్తారు. ఆ భయానికి మూలం లేకపోలేదు: 1960ల చివర్లో డిటర్జెంట్ ఫ్యాక్టరీల్లో ఎంజైమ్ పొడి పీల్చిన కార్మికులకు ఉబ్బసం వచ్చింది. కానీ అది ఊపిరితిత్తుల సంగతి. ఆ తర్వాత ఎంజైములకు పూత వేసి, పొడి లేవకుండా గుళికలుగా చేస్తున్నారు. వాడేవాళ్ల చర్మం మీద చేసిన పరీక్షల్లోనూ అవి దోషులుగా తేలలేదు. అందుకే లేబుల్‌లో నేను ముందు వెతికేది పర్ఫ్యూమ్ అన్న మాట. అలర్జీకి అదే పేరుమోసిన కారణం.

"అయితే పౌడర్ కన్నా లిక్విడే మేలు కదా?" అంటారు. బోరునీళ్లలో పౌడర్ సరిగా కరగక నల్ల చొక్కా కుట్ల వెంట తెల్లగా మిగిలిపోతుంటే, మేలే. కానీ లిక్విడ్ పాడవకుండా కలిపే మిథైల్‌ఐసోథయాజోలినోన్ కొందరికి పడదు. వాళ్లకు వాసన లేని పౌడరే నయం, కొలత తగ్గించి ఇంకోసారి జాడిస్తే చాలు.