రాత్రి పదికీ రెండింటికీ మధ్య

"మా అమ్మకు మతిమరుపు జబ్బేమో చూడండి డాక్టర్ గారూ" అంటూ ఒక కుర్రాడు తల్లిని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడకు యాభై నాలుగేళ్లు, గుంటూరులో బడి టీచరు. తెల్లవారి లేచి చూస్తే వంటింట్లో సగం తరిగిన సొరకాయ, స్టవ్ మీద అడుగు మాడిన గిన్నె ఉన్నాయట. అంతకు ముందు వారం తెనాలిలో ఉన్న చెల్లెలికి రాత్రి పదకొండుకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. చెప్పిందే మళ్లీ చెప్పినా మాట తడబడలేదు కాబట్టి చెల్లెలికి అనుమానం రాలేదు. పొద్దున అడిగితే "నేను ఫోనే చెయ్యలేదు" అన్నారీవిడ.

నేను చెప్పిన మాటలు కాసేపటి తర్వాత అడిగితే తడుముకోకుండా అప్పజెప్పారు. ఆ నెల సరుకులకు ఎంతయిందో, ఏ పిల్లాడికి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో చెప్పారు. మతిమరుపు జబ్బయితే పగటిపూట కూడా ఎక్కడో ఒకచోట తప్పు దొర్లుతుంది. ఈవిడ మరిచిపోయినవన్నీ రాత్రి పదికీ రెండింటికీ మధ్య జరిగినవే. అందుకే ఏం మందులు వాడుతున్నారని అడిగాను. బీపీ మాత్రతో పాటు జోల్పిడెం 10 మిల్లీగ్రాములు, ఏడాదిగా రోజూ ఒకటి. భర్త ఆపరేషన్ సమయంలో నిద్రపట్టక వేరే డాక్టరు రాసిచ్చారు. ఏనాడూ రెండో మాత్ర వేసుకోలేదు.

జోల్పిడెం అరగంటలోపే పనిచేయడం మొదలుపెడుతుంది. అందుకే దాన్ని మంచం ఎక్కేముందే వేసుకోవాలి. ఈవిడేమో సీరియల్ మొదలవగానే వేసుకుని, అది అయ్యాక రేపటి కూర తరగడానికి వంటింట్లోకి వెళ్లేవారు. మెలకువగా ఉండగానే మందు పనిచేయడం మొదలయ్యేది. ఆ స్థితిలో కాళ్లూ చేతులూ అలవాటైన పని చేస్తూ పోతాయి, నోరు మాట్లాడుతుంది. కానీ మెదడు జరుగుతున్నదాన్ని జ్ఞాపకంగా దాచుకోదు. దాచనిది తర్వాత ఎంత తవ్వినా దొరకదు. పడుకుని నిద్రపోయాక లేచి నడిచేవాళ్లు, తినేవాళ్లు, కారు నడిపేవాళ్లు కూడా ఉన్నారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి 66 సంఘటనలను పరిశీలించింది. వాటిలో 20 మంది చనిపోయారు. తక్కువ మోతాదులోనూ, మొదటి మాత్రకే కూడా ఇలా జరగవచ్చని 2019లో ఆ సంస్థ ఈ తరహా నిద్రమాత్రలపై అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. ఆడవాళ్ల శరీరం నుంచి ఈ మందు నెమ్మదిగా పోతుందని 2013లోనే వాళ్లకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని చెప్పింది.

"మరి ఆపేస్తే సరి కదా" అన్నాడు కొడుకు. ఆవిడ వెంటనే "ఆపి చూశాను సార్, రెండు రాత్రులు కన్ను మూతపడలేదు. మాత్ర లేకపోతే నాకిక నిద్ర రాదు" అన్నారు. మోతాదు పెంచకపోయినా ఆధారపడటం ఎలా పాతుకుపోతుందో ఆ మాటలోనే ఉంది. మెదడును శాంతపరిచే సహజ ఏర్పాటునే ఈ మందు బలపరుస్తుంది. నెలల తరబడి బయటి సాయం అందితే మెదడు తన వంతు తగ్గించుకుంటుంది. సాయం హఠాత్తుగా ఆగితే మునుపటికంటే నిద్ర చెడుతుంది. అది మందు ఆపినందువల్ల వచ్చిన ఇబ్బంది. రోగి మాత్రం పాత జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మాత్ర వేసుకుంటాడు. నిద్ర పట్టగానే ఆ నమ్మకం గట్టిపడుతుంది.

మందు మత్తులో ఇలాంటి పనులు ఒక్కసారి చేసినా ఆ రోగికి జోల్పిడెం మళ్లీ ఇవ్వకూడదు. ఏడాది అలవాటును ఒక్క రాత్రిలో తెంపడమూ మంచిది కాదు. అందుకని దాన్ని మాన్పించి, బదులుగా శరీరంలో ఎక్కువసేపు నిలిచే డయాజెపాం 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చాం. మాత్రలు కొడుకు దగ్గర, రాత్రిపూట గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి. దాంతోపాటు నిద్ర వచ్చినా రాకపోయినా రోజూ ఒకే వేళకు లేవడం, నిద్రపట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోవడం, మధ్యాహ్నం కునుకు మానడం. తగ్గించిన ప్రతిసారీ మూడు నాలుగు రాత్రులు కష్టంగా గడుస్తాయని ముందే చెప్పాను. ముందే తెలిసింది కాబట్టి ఆవిడ బెదిరిపోలేదు. చివరి ముక్క ఆపాక మొదట్లో ఐదు గంటలే పట్టిన నిద్ర, తర్వాత ఆరు దాకా వచ్చింది. ఆరు చాలదని ఆవిడ ఇప్పటికీ అంటారు. పగలు పాఠం చెప్పేటప్పుడు కునికిపాట్లు లేవు కాబట్టి చాలునని నేనంటాను.

పెద్ద మోతాదులో వాడేవాళ్లు సొంతంగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. వాళ్లు డాక్టరు పర్యవేక్షణలోనే తగ్గించాలి. మన దేశంలో ఈ మాత్ర హెచ్1 జాబితాలో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినదాన్ని మందుల షాపు విడిగా రిజిస్టరులో రాసుకోవాలి. అయినా ఎప్పుడో రాసిన పాత చీటీ చూపించి తెచ్చుకునేవాళ్లు నాకు తరచూ కనిపిస్తుంటారు.

నిద్రమాత్ర వాడేవాళ్లను "రాత్రి ఏమైనా జరిగిందా?" అని అడిగితే లాభం లేదు, వాళ్లకు తెలిసే అవకాశం లేదు. అందుకే ఇప్పుడు ఆ ప్రశ్న ఇంట్లోవాళ్లను అడుగుతాను. ఒంటరిగా ఉండేవాళ్లయితే ఫోన్ తీయించి, రాత్రి చేసిన కాల్స్ వాళ్లతోనే చూపించుకుంటాను.