ఫారంలో హైదరాబాద్, బతుకులో చాంద్రాయణగుట్ట

2025 జూలైలో మా చిన్నాయన కొడుకు ఉట్నూరు నుంచి ఫోన్ చేసిండు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ల సీహెచ్‌ఎస్‌ఎల్ ఫారం నింపుతున్నాడట. "అన్నా, మూడు ఊర్లు అడుగుతున్నది. నువ్వు పట్నంలనే ఉన్నవ్ గదా, మొదటిది హైదరాబాద్ పెట్టిన. మిగతా రెండు ఏదో ఒకటి నొక్కేస్త."

"ఆగురా తమ్మీ, ఆ రెండూ కూడా నిజంగ రావచ్చు" అన్నాను.

నేను పాతబస్తీలో చాంద్రాయణగుట్ట దగ్గర అద్దెకుంటాను. ఎన్నో ఏండ్ల కింద ఇదే గదిలో కూర్చుని ఒక పరీక్షకు హైదరాబాద్ అని పెట్టి, సెంటరు ఇంటి పక్కనే వస్తుందని నిమ్మళంగా ఉన్నాను. వచ్చింది మైసమ్మగూడలో. అంటే నగరం ఈ కొస నుంచి ఆ కొసకు. పొద్దున షిఫ్టు. రెండు బస్సులు మారి, చివరికి ఆటో పట్టుకుని పోయేసరికి గేటు మూసేశారు. తప్పు వాళ్లది కాదు, గేటు మూసే సమయం హాల్ టికెట్ మీద అచ్చేసే ఉంది. ఫారంలో హైదరాబాద్ అంటే చార్మినార్ కాదని నాకు అప్పుడు తెలిసింది. కంప్యూటర్ పరీక్షలు జరిగే కాలేజీలు చాలావరకు నగరం అంచుల్లోనే ఉంటాయి.

అందుకని తమ్ముడిని ఒకటే అడిగాను: "పరీక్ష ముందురోజు రాత్రి ఏ ఊర్ల పండుకోగలవు?" దూరం లెక్క చూస్తే కరీంనగరే దగ్గర. జన్నారం, లక్షెట్టిపేట మీదుగా పోవచ్చు. కానీ అక్కడ వాడికి తెలిసినవాళ్లు లేరు. లాడ్జికి, తిండికి పెట్టే డబ్బుతో హైదరాబాద్ రానూపోనూ చార్జీ వెళ్తుంది, ఇక్కడ నా గది ఉంది. కాబట్టి హైదరాబాద్ మొదటిది, కరీంనగర్ రెండోది, వరంగల్ మూడోది. పక్కింటి పిల్లగాడు విశాఖపట్నం పెట్టిండని వాడూ పెట్టబోయిండు. సముద్రం చూడాలంటే పరీక్ష అయ్యాక పోవచ్చు.

ఇంకో మాట చెప్పాలి. ఎస్టీ అభ్యర్థులకు ఈ ఫారం ఫీజు లేదు. కానీ నింపినదాన్ని తర్వాత సవరించుకోవాలంటే మొదటిసారి 200 రూపాయలు, రెండోసారి 500. ఇది మనకూ మాఫీ కాదు. సవరణ గడువు దాటితే ఊరు మార్చరు.

ఆ ఏడాది కొత్తగా ఇంకో పని వచ్చింది. తేదీని, షిఫ్టును కూడా అభ్యర్థే ఎంచుకోమన్నారు. దానికి ఇచ్చిన గడువు అక్టోబరు 22 నుంచి 28 దాకా. దీపావళి 20న. మా ఊళ్లల్లో దండారి ముగించుకుని గుస్సాడీలు ఇండ్లకు చేరే రోజులవి, ఫోన్‌లో సిగ్నల్ చూసే తీరిక ఎవరికుంటది? వాడికి మూడుసార్లు ఫోన్ చేసి ఉట్నూరు పంపించాను. ఖాళీలను బట్టి ఇచ్చేవి కాబట్టి చివరి రోజు దాకా ఆగితే మిగిలినవే దొరుకుతాయి.

షిఫ్టు దగ్గర వాడికో అనుమానం. "సాయంత్రం పెట్టుకుంటే పొద్దుటి ప్రశ్నలు తెలుస్తయట గదా అన్నా?" ప్రతి షిఫ్టుకు ప్రశ్నపత్రం వేరే. కష్టసుఖాల తేడాకు మార్కులను నార్మలైజ్ చేస్తారు. కాబట్టి షిఫ్టును పేపరును బట్టి కాదు, బస్సును బట్టి ఎంచుకోవాలి. మెట్రో పొద్దున ఆరుకు మొదలవుతుంది, అదీ మాకు ఎంజీబీఎస్ దాకా పోతేగానీ దొరకదు. అందుకే మొదటి షిఫ్టు వద్దన్నాను. అదే కరీంనగర్ అయ్యుంటే చివరి షిఫ్టు కూడా వద్దనేవాణ్ణి, బయటికొచ్చేసరికి ఊరి బస్సు వెళ్లిపోతుంది.

తేదీకి గోడమీది క్యాలెండర్ చూశాం. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మక్కా మసీదు చుట్టూ రోడ్లు నిండిపోతాయి, అది వదిలేశాం. వేరే నెలల్లో పరీక్ష అయితే ఇంకా చూసుకోవాలి. నిమజ్జనం రోజు బాలాపూర్ గణేశ్ ఊరేగింపు మా చాంద్రాయణగుట్ట మీదుగానే చార్మినార్‌కు పోతుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర, అప్పుడు మన వైపు బస్సుల్లో కాలు పెట్టే సందుండదు.

చివరికి మంగళవారం, మధ్యాహ్నం షిఫ్టు దొరికింది. సెంటరు చిరునామా పరీక్షకు మూడు రోజుల ముందు తెలిసింది. మళ్లీ నగరం ఆ కొసనే! సోమవారం వాణ్ణి వెంటబెట్టుకుని ఆ గేటు దాకా పోయి వచ్చాను. ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ ఎక్కి, సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి బస్సు. రెండు గంటల పది నిమిషాలు పట్టింది. వాడు ఆ లెక్కను హాల్ టికెట్ వెనక రాసుకున్నాడు. మర్నాడు నేను డ్యూటీకి పోయాను, వాడొక్కడే వెళ్లి రాసి వచ్చిండు.